నిలబడి నడిచిన కారు

మీటరయ్య పాత కారు కొనేటప్పుడు రంగు చూడడు, టైర్లు చూడడు, అమ్మేవాడి మొహం అసలే చూడడు. తలుపు తీసి, సీటు అంచున సగం కూర్చుని, స్టీరింగు వెనకున్న కిలోమీటర్ల అంకె చూస్తాడు. కారు బతుకంతా ఆ అంకెలోనే ఉందని ఆయన గట్టి నమ్మకం. అంకె చిన్నదైతే కళ్ళు మెరుస్తాయి, పెద్దదైతే పెదవి విరుస్తాడు. మనుషుల్నీ ఆ లెక్కనే తూచేవాడు. కొత్తగా పరిచయమైనవాళ్ళను వయసెంతని అడగడు, "ఎంత తిరిగారేం?" అంటాడు. అలా పాత కార్లు కొని అమ్మే ఆయన యార్డులో అందరూ అసలు పేరు మరిచిపోయి మీటరయ్య అన్నారు. ఆయన దాన్ని బిరుదుగానే స్వీకరించాడు. ఈ కథ జరిగాక కూడా ఆ పేరు పోలేదు. కాకపోతే పిలిచేవాళ్ళ గొంతులో ఒక దగ్గు చేరింది, నవ్వు ఆపుకునే దగ్గు.

ఆయన భార్యకు డ్రైవింగ్ స్కూలు ఉంది. స్కూలంటే ఒక తెల్ల కారు, ఊరి చివర ఒక ఖాళీ మైదానం, పక్క సీటు కింద ఆవిడ కోసం అదనంగా బిగించిన బ్రేకూ క్లచ్చీ, అంతులేని ఓపిక. ఈ చివరిది మీటరయ్య దగ్గర లేదు కాబట్టి ఆ వ్యాపారం పూర్తిగా ఆవిడదే. కారు మాత్రం ఆయన యార్డులోంచి వచ్చింది. "ఇంత తక్కువ తిరిగిన బండిని బయటవాడికి అమ్మడానికి మనసొప్పక నీకిస్తున్నా," అని అప్పట్లో ఏదో రాజ్యం రాసిచ్చినట్టు చెప్పాడు.

ఒక సోమవారం ఉదయం ఆవిడ ఫోన్ చేసింది.

"ఏవండీ, ఇంజిన్ బొమ్మ లైటు వెలిగింది."

"ఎర్రగానా, పసుప్పచ్చగానా?"

"పసుప్పచ్చగా. బండి ఆగినప్పుడు వణుకుతోంది కూడా. నర్సమ్మకు రెండుసార్లు ఆగిపోయింది."

"నర్సమ్మ చేతిలో ఏ బండైనా ఆగుతుందిలే."

"ఆవిడ తప్పయితే నేను మీకు ఫోన్ చేస్తానా? శనివారం ఆవిడకు పరీక్ష. ఇప్పటికే రెండుసార్లు తప్పింది. ఈసారి లైసెన్సు రాకపోతే ఇళ్ళకు వెళ్ళి రోగుల్ని చూసే ఆ ఉద్యోగం వేరేవాళ్ళకు ఇచ్చేస్తారట. ఆవిడ ఈ ఒక్క కారుకే అలవాటు పడింది. వణికే బండితో పరీక్షలో గట్టు ఎక్కించమంటే ఏం చేస్తుంది?"

"సాయంత్రం తీసుకురా. చిటికెలో ఆర్పేస్తా."

ఆర్పడం ఆయనకు నిజంగా చిటికెలో పని. జేబులో పట్టేంత స్కానర్ ఒకటి ఎప్పుడూ దగ్గర ఉంటుంది. స్టీరింగు కింద దాన్ని గుచ్చాడు. వాల్వుల టైమింగ్ తప్పింది, వాటిని తెరిచి మూసే క్యామ్ ఉండాల్సిన చోటికంటే వెనకబడి ఉంది అని తెర మీద పడింది. మీటరయ్య దాన్ని పూర్తిగా చదివి, పూర్తిగా అర్థమైనట్టు తలాడించి, చెరిపెయ్యి అనే బొత్తాం నొక్కాడు. లైటు ఆరింది.

"అయిపోయిందా?" అంది భార్య.

"కంపెనీవాళ్ళు మనల్ని భయపెట్టి సర్వీసుకు రప్పించడానికి పెట్టిన లైటు ఇది. దీన్ని లెక్కచేస్తే మనం వ్యాపారం చేసినట్టే."

"వణుకు?"

"అది కూడా సర్దుకుంటుంది."

మంగళవారం మధ్యాహ్నానికల్లా లైటు మళ్ళీ వెలిగింది. వణుకు సర్దుకోలేదు, పైగా గట్టు దగ్గర ఇంజిను గొంతు పూడుకుపోయినట్టు గురగురలాడి ఆగిపోయింది. నర్సమ్మ స్టీరింగు మీద తల పెట్టుకుని, "నా వల్ల కాదు మేడమ్, నాది ఇంజక్షన్ ఇచ్చే చెయ్యే," అందట. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి భార్య చెప్పులు విడుస్తూనే తేల్చేసింది.

"బావ దగ్గరికి తీసుకెళ్తా."

బావ అంటే ఆవిడ అక్క మొగుడు, మీటరయ్యకు తోడల్లుడు. ఊళ్ళో పెద్ద గ్యారేజీ ఆయనదే. మనిషి పెద్ద గొంతు, పెద్ద నవ్వు. ఎక్కడ నలుగురు చుట్టాలు చేరితే అక్కడ తనే సభాధ్యక్షుడు. రెండేళ్ళ క్రితం ఒక విందులో మీటరయ్య నలుగురిలో, "మెకానిక్కులు బతికేది మన అజ్ఞానం మీదే. నాలాంటివాడు పదిమంది ఉంటే గ్యారేజీలన్నీ మూసుకోవాలి," అన్నాడు. తోడల్లుడు నవ్వి, "నువ్వు ఒక్కడివే ఉన్నావు కదా తమ్ముడూ, మాకు చాలు," అన్నాడు. అప్పుడు నవ్వినవాళ్ళలో మీటరయ్య భార్య కూడా ఉంది. ఆ నవ్వును ఆయన ఇప్పటిదాకా మోస్తున్నాడు.

"అక్కర్లేదు. శుక్రవారానికల్లా నేనే చేసిస్తా," అన్నాడు.

"చేసివ్వండి. లేకపోతే శుక్రవారం సాయంత్రం బావ గ్యారేజీలో ఉంటుంది బండి. నేను అడగను, చెబుతున్నా."

బుధవారం పొద్దున్నే మీటరయ్య చొక్కా చేతులు మడిచాడు. యార్డులో సరిగ్గా ఆ కారుకు కవల ఉంది. అదే కంపెనీ, అదే ఇంజిను, అదే తెలుపు. పెద్ద తేడా ఒక్కటే, దాని మీటరు. ఒక మందుల కంపెనీ ప్రతినిధి దాన్ని ఊరూరా పెద్ద రోడ్ల మీద తిప్పి తిప్పి అమ్మేశాడు. అంకె చూడగానే మీటరయ్య మొహం పక్కకు తిప్పుకుని, చౌకగా వస్తోందని కొన్నందుకు తనను తానే తిట్టుకుని, దాన్ని గోడవార నీడలో పడేశాడు. యార్డుకు వచ్చినవాళ్ళకు ముందు దాన్ని చూపించి, తర్వాత మిగిలినవి చూపించేవాడు. దాని పక్కన ఏ కారైనా పడుచుగా కనిపించేది.

ఇంజిన్‌లో ఆయిల్‌ను ఎటు పంపాలో తిప్పే చిన్న కరెంటు కుళాయి ఒకటి ఉంటుంది, సోలెనాయిడ్ అంటారు. వాల్వుల టైమింగ్ లైటు వెలిగితే ఊళ్ళో సగంమంది ముందుగా దాన్నే మారుస్తారు. కొత్తది కొనడమెందుకని మీటరయ్య ముసలి కవలలోంచి దాన్ని విప్పి భార్య కారుకు పెట్టాడు. భార్య కారుది తీసి ముసలిదానికి బిగించాడు. రెండూ స్టార్ట్ చేశాడు.

భార్య కారు అలాగే వణికింది. కాసేపటికి లైటూ వెలిగింది. చెడిపోయిందనుకున్న ఆ కుళాయి ముసలిదానిలో మాత్రం హాయిగా పనిచేసింది. ఇంజిను గుర్రుపెట్టి నిద్రపోతున్న తాతలా ఒకే శృతిలో ఉంది, లైటు ఊసే లేదు.

బుర్ర ఉన్న మనిషి ఇక్కడ ఆగి ఆలోచించాలి. భాగం మారినా జబ్బు మారలేదంటే తప్పు ఆ భాగంలో లేదు, దానిలో పారేదాంట్లో ఉంది. మీటరయ్యకు కూడా ఆ ఆలోచన వచ్చింది, రాలేదని అంటే అన్యాయం. వచ్చి, గుమ్మంలో నిలబడింది. ఆయిల్ చూడాలా అనుకుని మీటరు వంక చూశాడు. కిందటిసారి ఆయిల్ మార్చిన అంకె ఆయనకు నోటికొచ్చు. అప్పటినుంచి బండి తిరిగింది మార్చాల్సిన దూరంలో మూడోవంతు కూడా లేదు. పైగా ఆయిల్ తగ్గితే ఎర్రటి నూనెడబ్బా బొమ్మ వెలగాలిగా? వెలగలేదు. మీటరూ లైటూ ఇద్దరూ సాక్ష్యం చెప్పాక ఇంక కొలకడ్డీ తీసి చూడటం దేనికి, చేతులు మురికి కావడానికా? ఆలోచన గుమ్మంలోంచే వెనుదిరిగిపోయింది.

ఇంక మిగిలింది ఒక్కటే అనుకున్నాడు. లోపల క్యామ్‌ను నడిపే టైమింగ్ చెయిన్ సాగిపోయింది. అంటే ఇంజిను విప్పాలి. విప్పే చోటు ఊళ్ళో ఒక్కటే ఉంది, అక్కడ పెద్ద గొంతూ పెద్ద నవ్వూ ఎదురుచూస్తుంటాయి. మీటరయ్యకు వెన్నులో చల్లగా పాకింది. ఎన్నో ఏళ్ళుగా ఆయన బేరాలన్నీ ఈ చలి మీదే నడిచాయి. లైటు చూసి హడలిపోయినవాళ్ళు వచ్చి, ఎంతకైనా సరే వదిలించుకుంటామంటే, జాలిగా తల పంకించి కొనేవాడు. ఆ చలి లోపలినుంచి ఎలా ఉంటుందో మొదటిసారి తెలిసింది. అయినా దాన్ని గుర్తుపట్టలేదు. దూరదృష్టి అనుకున్నాడు.

వెంటనే ఫోన్ తీశాడు. టైల్స్ షాపు యజమాని ఒకాయన చాలాకాలంగా తక్కువ తిరిగిన కారు కోసం అడుగుతున్నాడు.

"వచ్చెయ్యండి, మీకోసమే దాచినట్టుంది. ఆడమనిషి చేతిలో నడిచింది. మీటరు చూస్తే మీరే నమ్మరు."

లెక్క ఆయన బుర్రలో చకచకా కుదిరిపోయింది. తక్కువ మీటరు బండి మంచి ధరకు పోతుంది. అదనపు పెడళ్ళు విప్పి గోడవారున్న కవలకు బిగిస్తాడు. రంగు అదే, సీట్లు అవే. భార్య మీటరు వంక చూసే మనిషి కాదు, నర్సమ్మ భయంతో రోడ్డు వంకే చూడదు. శనివారం పరీక్ష ఆ బండిలో జరిగిపోతుంది, బావ మాటే రాదు. ఒక్క దెబ్బకు ఇన్ని పనులు తీరే లెక్క కుదిరినందుకు ఆ రాత్రి భార్య ఏం వండిందో కూడా చూడకుండా రెండుసార్లు వడ్డించుకున్నాడు.

గురువారం ఉదయం పెడళ్ళు విప్పి పక్కన పెట్టి, స్కానర్‌తో లైటు చెరిపి, కారు కడిగి నిలబెట్టాడు. టైల్స్ షాపాయన వచ్చాడు. ఒంటరిగా రాలేదు.

"మా మెకానిక్కును కూడా తెచ్చానండీ, ఏమనుకోకండి. ఈయన చూడందే నేను ఏ బండీ కొనను."

అవతలి తలుపులోంచి ముందు నవ్వు దిగింది, తర్వాత తోడల్లుడు దిగాడు.

"ఏం తమ్ముడూ! గ్యారేజీలు మూయించే పని ఎంతవరకు వచ్చింది?"

మీటరయ్య మొహంలో నెత్తుటి చుక్క లేదు. "రా అన్నయ్యా, రా. నువ్వే వస్తావని తెలిస్తే టీ పెట్టించేవాణ్ణి," అన్నాడు. తెలిస్తే యార్డుకు తాళం పెట్టి ఊరు దాటిపోయేవాడు.

తోడల్లుడు కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. మరదలి కారని ఆయనకు తెలుసు, తెలియనట్టే ఉన్నాడు. అదే ఎక్కువ భయంగా ఉంది. టైల్స్ షాపాయన మీటరు చూసి మురిసిపోతున్నాడు. "నిజంగానే తక్కువేనండీ! మీరు చెప్పిన ధరకే ఖాయం. మాటంటే మాట," అని చెయ్యి చాచాడు. అలవాటు కొద్దీ మీటరయ్య చెయ్యి తనంతట తనే వెళ్ళి కలిసిపోయింది. చెయ్యి కలిపాక వెనక్కి పోయిన బేరం ఆ యార్డులో ఒక్కటీ లేదు. దాన్ని గురించి ఆయనే ఊరంతా చెప్పుకున్నాడు.

"ఖాయం చేసుకున్నాక చూడ్డానికి నన్ను తెచ్చారా?" అంటూ తోడల్లుడు బానెట్ ఎత్తాడు. ఇంజిను చల్లగా ఉంది, బండి చదునైన నేల మీద ఉంది. కొలకడ్డీ లాగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ పూర్తిగా దించి, లాగాడు. ఎండలో పట్టుకుని చూశాడు. కింది గీతకు కూడా నూనె అందలేదు. కొస మీద మాత్రం తారులా నల్లగా ఏదో అంటుకుని ఉంది. వేళ్ళ మధ్య నలిపితే జారలేదు, సాగింది.

"తమ్ముడూ, ఇది ఆయిలా? రోడ్డు వేయడానికి దాచావా?"

"మార్చాల్సిన దూరంలో మూడోవంతు కూడా తిరగలేదు అన్నయ్యా," అన్నాడు మీటరయ్య.

అప్పుడే గేటు దగ్గర బస్సు దిగి భార్యా నర్సమ్మా లోపలికి వచ్చారు. కారు తీసుకుని సాధనకు వెళ్దామని వచ్చారు. బావను చూసి, టైల్స్ షాపాయన్ను చూసి, నేల మీద పడున్న తన పెడళ్ళను చూసి, భార్య మూడు చూపుల్లో మొత్తం లెక్క కట్టేసింది.

"బావా, నా బండిని ఎవరు కొంటున్నారు?" అంది నెమ్మదిగా.

"అది తర్వాత. ముందు నాకొకటి చెప్పమ్మా. గంట పాఠంలో ఈ బండి ఎంతదూరం పోతుంది?"

"గంటలో ఎక్కడ పోతుంది బావా? మైదానం దాటదు. రివర్సూ, సగం క్లచ్చీ, గట్టూ. నేను చెప్పేది వినేటప్పుడు కూడా ఇంజిను ఆన్‌లోనే ఉంటుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇదే."

"విన్నావా తమ్ముడూ? నువ్వు కిలోమీటర్లు లెక్కేశావు. ఇంజిను లెక్క గంటల్లో ఉంటుంది. ఇది నిలబడి నడిచింది. చక్రాలు తిరగలేదు గానీ లోపల పొద్దంతా పనిచేసింది. ఆయిల్ ఆ వేడిలో మాడి, మసి కలిసి చిక్కబడిపోయింది. కొంత ఇంజినే తాగేసింది, ఎవరూ పైన పొయ్యలేదు."

"మరి నూనెడబ్బా లైటు వెలగలేదుగా?"

"అది ఆయిల్ ఎంతుందో చెప్పదు నాయనా, ఒత్తిడి పూర్తిగా పడిపోతే అరుస్తుంది. అప్పటికి దహనమే మిగులుతుంది. వాల్వుల్ని ముందుకూ వెనక్కూ జరిపేది ఆయిల్ ఒత్తిడే. సన్న దారుల్లోంచి చటుక్కున పారి క్యామ్‌ను తిప్పాలి. తక్కువున్నా, చిక్కబడ్డా, సమయానికి తిప్పలేదు. క్యామ్ వెనకబడిందని కంప్యూటర్ కనిపెట్టి, ఇదిగో అని లైటు వేసింది. పాపం, నీతో నిజం చెప్పింది అదొక్కటే. దాని నోరు ఎన్నిసార్లు మూశావు?"

మీటరయ్య స్కానర్ ఉన్న జేబును అరచేత్తో కప్పుకున్నాడు.

"చెయిన్ సాగిందేమో అనుకున్నా..."

"సాగనూవచ్చు, ఇలాగే ఇంకొన్నాళ్ళు నడిపితే. ఇప్పటికి చెయిన్ చప్పుడు లేదు. ఆయిలూ ఫిల్టరూ మార్చి చూద్దాం, లైటు మళ్ళీ వస్తే అప్పుడు విప్పుదాం. లోపలి మురికి కరిగి వస్తుంది కాబట్టి త్వరలోనే ఇంకోసారి కూడా మార్చాలి."

టైల్స్ షాపాయన మొహం వెలిగిపోయింది. "అంటే ఆయిల్ మారిస్తే చాలా? అయితే నాకు నచ్చిందండీ. చెయ్యి కలిపాం కూడా."

భార్య మీటరయ్యను చూసిందంతే. ఆ చూపులో అరుపు ఉన్నా బాగుండేది. పక్కన నర్సమ్మ సంచీని రెండు చేతులతో గుండెకు పట్టుకుని నిలబడింది, ఆపరేషన్ గది బయట చుట్టాలు నిలబడ్డట్టు. ఎదురుగా మాటంటే మాట అంటున్న మనిషి. మీటరయ్యకు తప్పించుకునే దారి ఒక్కటే కనబడింది. కొనేవాడే వద్దనాలి. జీవితంలో మొదటిసారి ఒక కారు గురించి ఉన్నదున్నట్టు చెప్పడానికి నోరు తెరిచాడు.

"ఒద్దండీ, ఇది మీకు పనికిరాదు. నేర్చుకునేవాళ్ళ కాళ్ళ కింద క్లచ్చి అరిగిపోయింది. గేర్లు గీరుకున్నాయి. ముందు బంపరు మైదానంలో రాయికి రెండుసార్లు తగిలింది, పుట్టీ పెట్టి రంగేశాను. లోపల మురికి ఎంతుందో దేవుడికే తెలియాలి."

టైల్స్ షాపాయన పకపకా నవ్వాడు. "అబ్బో, ధర పెంచడానికి ఇదో పద్ధతా? మీ తెలివి ఊళ్ళో అందరూ చెప్పారు లెండి. మీరు ఇంతలా వద్దంటున్నారంటే బండి బంగారమన్నమాట!"

"నిజం చెబుతున్నా!"

"పాత కార్లు అమ్మేవాళ్ళు నిజం చెప్పడం కూడానా?"

తోడల్లుడు బానెట్ మీద చెయ్యి వేసుకుని వంగి మరీ నవ్వుతున్నాడు. ఈసారి భార్య నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండునని మీటరయ్య మొదటిసారి కోరుకున్నాడు. రెండేళ్ళుగా మోస్తున్న పరువును అక్కడే, పెడళ్ళ పక్కన దించేశాడు.

"అన్నయ్యా," అన్నాడు, "నువ్వు చెబితే నమ్ముతాడు. నాకు చేతకాలేదు. శనివారం పరీక్ష ఉంది, ఈ బండి కావాలి. నువ్వే ఏదైనా చెయ్యి."

తోడల్లుడు నవ్వు ఆపాడు. గుడ్డతో చేతులు తుడుచుకుని గోడవార నీడలో ఉన్న ముసలి కవల దగ్గరికి నడిచాడు. దాని కొలకడ్డీ లాగి చూసి టైల్స్ షాపాయన ముందు పెట్టాడు. నూనె రెండు గీతల మధ్యన, తేనె రంగులో ఉంది.

"సార్, మీరు నా మీద నమ్మకంతో వచ్చేవాళ్ళు కాబట్టి చెబుతున్నా. మీటరు చూసి భయపడకండి. ఇది పెద్ద రోడ్డు మీద తిన్నగా పరిగెత్తిన బండి. ప్రతిసారీ సమయానికి ఆయిల్ మార్చుకున్న మనిషి నడిపాడు. ఆ రెండింట్లో నా కూతురికి కొనాల్సొస్తే దీన్ని కొంటా."

టైల్స్ షాపాయన మీటరు చూశాడు, మీటరయ్యను చూశాడు, స్టార్ట్ చేసి విన్నాడు. లోపల భార్య కారు కుళాయి పెట్టుకుని తాత ఒకే శృతిలో గుర్రుపెట్టాడు. "కానీ దీనికి ఆ ధర ఇవ్వను," అన్నాడు. మీటరయ్య ఒక్క మాట కూడా బేరమాడలేదు. చూసినవాళ్ళు ఆయనకు ఒంట్లో బాగోలేదనుకున్నారు.

భార్య కారును గ్యారేజీకి నడిపించడానికి తోడల్లుడు ఒప్పుకోలేదు. అంత నూనె లేని ఇంజినును ఇంకొక్క అడుగు కూడా నడపకూడదని యార్డులోనే పని పెట్టుకున్నాడు. కింద బోల్టు విప్పితే నల్లటి ద్రవం ధారగా కాక ముద్దముద్దగా జారింది. పళ్ళెం సగం కూడా నిండలేదు. ఆ పళ్ళెం పట్టుకుని కూర్చున్నది మీటరయ్య. సరైన చిక్కదనం ఉన్న ఆయిల్, కొత్త ఫిల్టరు పడ్డాక, తోడల్లుడు చెయ్యి చాచాడు.

"ఏది, ఆ స్కానర్? ఇప్పుడు చెరిపితే న్యాయంగా ఉంటుంది."

పెడళ్ళు మళ్ళీ బిగించి, మైదానంలో శుక్రవారమంతా నడిపారు. మొదటి కాసేపు కాస్త గునిసింది, తర్వాత వణుకు తగ్గింది. లైటు రాలేదు. శనివారం ఉదయం లైసెన్సు ఆఫీసు బయట గోడ నీడలో మీటరయ్య, భార్య నిలబడ్డారు. లోపల ఆవరణలో తెల్ల కారు గట్టు దగ్గర ఆగింది. మీటరయ్య ఊపిరి బిగపట్టాడు. జీవితంలో ఏ బేరంలోనూ ఇంతలా బిగపట్టినట్టు ఆయనకు గుర్తులేదు. ఇంజిను గొంతు ఒక్క క్షణం కిందకు దిగి, పట్టు దొరకబుచ్చుకుని, గట్టెక్కింది.

భార్య ఊపిరి వదిలింది. మూడు రోజుల్లో మొదటిసారి ఆయనతో మాట్లాడింది.

"స్కానర్‌లో పడింది నాకు ముందే చెప్పి ఉంటే నేనే కొలకడ్డీ చూసేదాన్ని. నేర్చుకునేవాళ్ళకు మొదటిరోజు నేర్పేదే అది. నా బండిని చూడవలసింది మీరు కదా అని మీకొదిలేశా. అదీ నా తెలివి."

"నీదీ తప్పుందంటావా?" అన్నాడు ఆశగా.

"మీ వాటా పెద్దది."

నర్సమ్మ కాగితం ఊపుకుంటూ పరిగెత్తుకొచ్చింది. వచ్చి, భార్యను కావలించుకుని, మీటరయ్యకు దండం పెట్టి, "మీరు కారు బాగుచేశారట, మేడమ్ చెప్పారు!" అంది.

మీటరయ్య భార్య వంక చూశాడు. ఆవిడ ఎటో చూస్తూ దగ్గింది.

ఆ మధ్యాహ్నం యార్డులో కొత్తగా వచ్చిన కారు ఒకటి ఉంది. మీటరయ్య తలుపు తీసి సీటు అంచున సగం కూర్చున్నాడు. అంకె చూశాడు. చాలా తక్కువ. కళ్ళు మెరవబోయాయి. అమ్మేవాడు ఉత్సాహంగా, "చూశారా సార్, ఎంత తక్కువ తిరిగిందో!" అన్నాడు.

మీటరయ్య దిగి, బానెట్ తెరిచి, జేబులోంచి గుడ్డ తీశాడు.

"తిరగడం సరే బాబూ, ఎంతసేపు నిలబడిందో చెప్పు."